లాగితే బాతులా దగ్గుతున్న పమేరియన్: రిట్రాక్టబుల్ లీష్ తీసేయాలా, మెడబెల్టు మార్చాలా, హార్నెస్ వేయాలా?

బుజ్జి_ఇంటి_మనిషి (ఆదివారం, రాత్రి 9.40)

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు, మాగుంట లేఅవుట్. మా బుజ్జి ఆడ పమేరియన్, ఆరేళ్లు, బరువు 7 కిలోల 200 గ్రాములు. మూడు వారాల కిందట దానికి రిట్రాక్టబుల్ లీష్ కొన్నాను. పిడి లోపల స్ప్రింగు ఉండి సన్న తాడు 5 మీటర్ల దాకా సాగుతుంది కదా, అది. పాపం ఇంట్లోనే ఉంటుంది, నడకకు వెళ్లినప్పుడైనా కాస్త స్వేచ్ఛగా తిరుగుతుందని కొన్నాను. దాన్ని మెడబెల్టుకే తగిలించాను.

నిన్న సాయంత్రం ఎదురు సందులోంచి వీధికుక్క ఒకటి వచ్చింది. బుజ్జి ఒక్క ఉరుకు ఉరికింది. నేను బ్రేక్ బటన్ నొక్కేలోపే తాడు మొత్తం అయిపోయి, చివర టక్కున ఆగిపోయింది. దాని ముందుకాళ్లు రెండూ గాల్లోకి లేచాయి. ఆ తర్వాత నిమిషం పాటు బాతు అరిచినట్టు ఒకటే దగ్గు. మెడ ముందుకు చాచి, కళ్లు పెద్దవి చేసి దగ్గుతుంటే నాకు చేతులు వణికాయి. ఇంతకుముందు కూడా బెల్టు లాగినప్పుడల్లా రెండు మూడుసార్లు దగ్గేది, నేను పట్టించుకోలేదు.

ఇప్పుడు లీష్ మార్చితే చాలా? బెల్టు వెడల్పుది వేయాలా? హార్నెస్ వేయాలా? రాత్రంతా నిద్ర లేదు, దయచేసి చెప్పండి.

కావలి_ల్యాబ్ (ఆదివారం, రాత్రి 10.15)

అక్కా, ఆ రిట్రాక్టబుల్ ముందు పక్కన పెట్టేయండి. కానీ హార్నెస్ జోలికి మాత్రం వెళ్లొద్దు. హార్నెస్ వేస్తే కుక్క ఇంకా ఎక్కువ లాగుతుంది. మంచు దేశాల్లో బండి లాగే కుక్కలకు వేసేది అదే కదా. మా ల్యాబ్ 34 కిలోలు. హార్నెస్ వేసిన వారం రోజులు నన్ను కావలి ట్రంకు రోడ్డు మీద ఈడ్చుకుపోయాడు. చోక్ చైను వేశాక దారికొచ్చాడు. లాగితే బిగుస్తుంది, ఆగితే వదులవుతుంది, కుక్కే నేర్చుకుంటుంది. మీరూ చిన్న సైజు చోక్ చైను చూడండి.

చీమకుర్తి_టైగర్ (సోమవారం, ఉదయం 6.05)

మా టైగర్‌ని పగలంతా గేటు దగ్గర గొలుసుతో కడతాం. హార్నెస్ వేసి కట్టి చూశాం, రెండు గంటల్లో కొరికి ముక్కలు చేశాడు. 700 రూపాయలు పోయాయి. మెడబెల్టే మేలండీ, గట్టి తోలుది తీసుకోండి.

ఒంగోలు_పశువైద్యురాలు (సోమవారం, మధ్యాహ్నం 2.30)

బుజ్జి వాళ్ల అమ్మగారూ, ముందు మీరు కంగారు తగ్గించుకోండి, నేను రెండు మూడు సంగతులు అడుగుతాను.

పమేరియన్లు, యార్కీలు, చివావాలు, పగ్‌ల లాంటి చిన్న జాతుల్లో శ్వాసనాళం మెత్తబడే జబ్బు తరచూ చూస్తాం. ఆ గొట్టాన్ని తెరిచి ఉంచేవి కొడవలి వంపులో ఉండే మృదులాస్థి వలయాలు. కొన్ని కుక్కల్లో అవి మెల్లగా బలం తగ్గి, తొక్కిన ప్లాస్టిక్ పైపులా చదునవుతాయి. అప్పుడు వచ్చే దగ్గు అచ్చం మీరు చెప్పినట్టే, బాతు అరిచినట్టు ఉంటుంది. మెడబెల్టు వల్ల ఈ జబ్బు పుడుతుందని నేను అనను. కానీ ఉన్న జబ్బును ప్రతిరోజూ రేపేది మాత్రం మెడబెల్టే. గొట్టం సరిగ్గా బెల్టు కింద, చర్మానికి దగ్గరగా ఉంటుంది.

రిట్రాక్టబుల్ సంగతి కూడా ఇక్కడే అర్థం చేసుకోవాలి. మామూలు ఒకటిన్నర మీటరు తాడుతో కుక్క ఉరికినా వేగం అందుకునేలోపే ఆగిపోతుంది. 5 మీటర్ల తాడుతో పూర్తి వేగం అందుకున్నాక ఆగుతుంది. ఆ దెబ్బంతా అర అంగుళం బెల్టు మీదుగా గొంతుకు తగులుతుంది. మొన్న ముందుకాళ్లు గాల్లోకి లేచింది అందుకే.

చోక్ చైను మాత్రం ఈ కుక్కకు వద్దే వద్దు. ల్యాబ్ మెడ కండ వేరు, పమేరియన్ మెడ వేరు. బొచ్చు చూసి మెడ లావుగా ఉందనుకుంటాం. స్నానం చేయించాక చూడండి, అసలు మెడ ఎంత సన్నమో తెలుస్తుంది.

నా ప్రశ్నలు ఇవి. బెల్టు లేకుండా ఇంట్లో ఉన్నప్పుడు కూడా దగ్గుతోందా? నీళ్లు తాగాక, ఎవరైనా వస్తే సంతోషంతో గెంతినప్పుడు దగ్గుతోందా? రాత్రి పడుకున్నాక దగ్గుతోందా? దగ్గేటప్పుడు నాలుక, చిగుళ్ల రంగు మారుతోందా?

చీమకుర్తి గారూ, వారు అడిగింది నడకకు తీసుకెళ్లే సంగతి. అయినా చెబుతున్నాను, కట్టేసి ఉంచడానికి హార్నెస్ వాడకూడదు. కొరకడం ఒకటే కాదు, గంటల తరబడి ఉంటే చంకల్లో ఒరుసుకుపోతుంది. పగలంతా గొలుసుతో కట్టడం గురించి వేరే చర్చ పెట్టండి, అక్కడ మాట్లాడతాను.

బుజ్జి_ఇంటి_మనిషి (సోమవారం, రాత్రి 8.20)

చాలా థాంక్స్ మేడమ్. మీరు అడిగాక ఇవాళంతా గమనించాను. నీళ్లు గబగబా తాగాక రెండుసార్లు దగ్గింది. మావారు ఆఫీసు నుంచి రాగానే గెంతి మళ్లీ దగ్గింది. రాత్రి పడుకున్నాక దగ్గు లేదు. నాలుక గులాబీ రంగులోనే ఉంది. రిట్రాక్టబుల్ తీసేశాను. హార్నెస్ ఆర్డర్ పెట్టాను, 350 రూపాయలు, ఎల్లుండి వస్తుంది.

మైపాడు_ఉదయం (సోమవారం, రాత్రి 9.05)

రిట్రాక్టబుల్‌ని అందరూ విలన్‌ని చేస్తున్నారు. నేను మూడేళ్లుగా వాడుతున్నాను. మా బీగిల్‌ని ఆదివారం తెల్లవారుజామున మైపాడు బీచ్‌కి తీసుకెళ్తాను. జనం ఉండరు, బండ్లు ఉండవు. సన్న తాడు కాదు, వెడల్పు పట్టీ రకం. హార్నెస్ వీపు మీది రింగుకే తగిలిస్తాను, మెడకు ఎప్పుడూ తగిలించను. వాడు ఇసుక వాసన చూసుకుంటూ అటూ ఇటూ తిరుగుతాడు. వస్తువులో తప్పు లేదు, వాడే చోటులో ఉంది.

వేదాయపాళెం_నాటుకుక్క (మంగళవారం, ఉదయం 7.10)

మైపాడు అన్నా, బీచ్‌లో సరే. మా వీధిలో ఏం జరిగిందో చెబుతాను. పక్కింటి అబ్బాయి సన్న తాడు రిట్రాక్టబుల్‌తో వాళ్ల కుక్కని తిప్పుతున్నాడు. అది మా దాని చుట్టూ తిరిగి ఆడింది. తాడు నా మోకాలి వెనక చుట్టుకుంది. అప్పుడే అది పరుగెత్తింది. తాడు చర్మం మీద రంపంలా జారింది. కాలిన బొబ్బలా గీత పడింది, మానడానికి పది రోజులు పట్టింది. ఆ అబ్బాయి తాడును చేత్తో పట్టుకోబోయి వేళ్లు కోసుకున్నాడు. పిడి చేజారి కిందపడితే ఆ చప్పుడు వెంటపడుతోందనుకుని కుక్క ఇంకా పరుగు. సన్న తాడు రకాన్ని వీధిలోకి తేకూడదు, అంతే.

నా సమస్య ఇంకోటి. మాది వీధిలోంచి తెచ్చి పెంచుకున్న నాటుకుక్క. తల సన్నం, మెడ లావు. పోయిన దీపావళికి బాంబు పేలగానే వెనక్కి నాలుగడుగులు వేసి తల కిందికి వంచింది, బెల్టు చెవుల మీదుగా జారి నా చేతిలోకి వచ్చేసింది. రెండు రోజులు వెతికాం. ఇలాంటి దానికి ఏం వేయాలి?

దర్గామిట్ట_పగ్ (మంగళవారం, ఉదయం 9.30)

మా పగ్‌కి కూడా ఈ దగ్గు ఉందా అని ఇప్పుడు అనుమానం వస్తోంది. వాడు ఎప్పుడూ గురగురమంటూనే ఉంటాడు. మెడబెల్టు లాగినప్పుడు కళ్లు బయటికొస్తాయేమో అనిపిస్తుంది. అది నా భయమేనా?

ఒంగోలు_పశువైద్యురాలు (మంగళవారం, మధ్యాహ్నం 3.00)

పగ్ గారూ, అది ఒట్టి భయం కాదు. పగ్, షిట్జు లాంటి మొహం నొక్కినట్టుండే కుక్కల్లో కంటి గుంట లోతు తక్కువ. మెడబెల్టు లాగినప్పుడు కంట్లో ఒత్తిడి పెరుగుతుందని, హార్నెస్‌తో లాగినప్పుడు అలా పెరగలేదని 2006లో అమెరికాలో కొలిచి చూసి ప్రచురించారు. మీ వాడికి మెడబెల్టు మీద తాడు ఇక వద్దు. పేరు, ఫోన్ నంబరు బిళ్ల తగిలించడానికి వదులుగా ఒక పట్టీ ఉంటే చాలు. ఆ గురగుర మాత్రం ముక్కు, అంగిలి సమస్య కావచ్చు, అది తాడు మార్చితే పోదు.

నాటుకుక్క గారూ, మీకు కావలసింది మార్టింగేల్ అనే బెల్టు. అందులో చిన్న రెండో మడత ఉంటుంది. వెనక్కి లాగితే మెడ చుట్టుకొలత అంత వరకే బిగిసి ఆగుతుంది. చోక్ చైనులా ఆగకుండా బిగుసుకుపోదు. అయితే సైజు సరిగ్గా పెట్టాలి. పూర్తిగా బిగిసినప్పుడు పెద్ద పట్టీ రెండు చివరల ఉన్న రింగులు ఒకదానికొకటి తగలకూడదు. తగిలాయంటే ఇంకా వదులుగా ఉన్నట్టే, తల మళ్లీ జారుతుంది. భయపడే కుక్కలకు హార్నెస్ కూడా ఒక్కటే సరిపోదు. వెనక్కి పాకుతూ భుజాలు ముడిచి దానిలోంచి కూడా బయటపడతాయి. అందుకని మా దగ్గరికి వచ్చేవాళ్లకు బెల్టుకు, హార్నెస్‌కు కలిపి జానెడు పట్టీ ఒకటి వేయమని చెబుతాను. ఒకటి జారినా రెండోది పట్టుకుంటుంది.

బుజ్జి_ఇంటి_మనిషి (గురువారం, రాత్రి 8.50)

మేడమ్, హార్నెస్ వచ్చింది, ఇవాళ వేశాను. అయినా దగ్గింది! ముందుకు లాగగానే అదే బాతు దగ్గు. అంటే జబ్బు ముదిరిందా? చాలా టెన్షన్‌గా ఉంది.

ఒంగోలు_పశువైద్యురాలు (గురువారం, రాత్రి 9.35)

ముదిరిందని ఇప్పుడే అనుకోకండి. ఒక పని చేయండి. ఇంట్లోనే హార్నెస్ వేసి, తాడు మీవారి చేతికి ఇవ్వండి. మీరు రెండడుగుల దూరంలో కూర్చుని బిస్కెట్ చూపించండి. బుజ్జి ముందుకు లాగుతుంది. అప్పుడు పక్కనుంచి చూడండి, ముందు పట్టీ ఎక్కడికి వచ్చింది? గొంతు మీద వేలు పెట్టి మెల్లగా కిందికి జరిపితే మెత్తగా ఉన్న భాగం అయిపోయి గట్టి ఎముక తగులుతుంది. అది రొమ్ము ఎముక మొదలు. లాగినప్పుడు కూడా పట్టీ ఆ ఎముక మీదే ఉండాలి.

బుజ్జి_ఇంటి_మనిషి (గురువారం, రాత్రి 10.10)

చూశాను మేడమ్. నిలబడి ఉన్నప్పుడు ఎముక మీదే ఉంది. లాగగానే పట్టీ పైకి జారి సరిగ్గా గొంతు మీదికి వచ్చింది! మళ్లీ మెడబెల్టు పెట్టినట్టే అయింది.

ఒంగోలు_పశువైద్యురాలు (గురువారం, రాత్రి 10.25)

అదే నేను అనుమానించింది. మీది మెడ చుట్టూ ఒక గుండ్రం, ఛాతీ చుట్టూ ఒక గుండ్రం, మధ్యలో వీపు మీద మాత్రమే కలిపిన రకం అయ్యుంటుంది. కింద ఛాతీ మధ్యలో రెండింటినీ కలిపే పట్టీ లేకపోతే, తాడు పైకి లాగినప్పుడు మెడ గుండ్రం పైకి ఎక్కుతుంది. హార్నెస్ అని పేరుంటే చాలదు, లాగినప్పుడు పట్టీ ఎక్కడికి పోతుందో చూడాలి. మీకు కావలసింది ముందునుంచి చూస్తే ఇంగ్లిష్ వై అక్షరంలా కనిపించే రకం. రెండు పట్టీలు భుజాల ముందునుంచి వచ్చి రొమ్ము ఎముక మీద కలిసి, ముందుకాళ్ల మధ్య నుంచి పొట్ట కిందికి వెళ్తాయి.

ఈసారి కొలిచి కొనండి. టైలర్ టేపుతో, బొచ్చును చర్మానికి నొక్కి కొలవాలి. ముందుకాళ్ల వెనక ఛాతీ బాగా లోతుగా ఉన్న చోట చుట్టుకొలత ఒకటి. మెడ మధ్యలో కాదు, భుజాల మీద మెడ మొదలయ్యే చోట ఇంకోటి. పమేరియన్ల బొచ్చు మీద వదులుగా కొలిచి పెద్ద సైజు తెప్పించుకునేవాళ్లే ఎక్కువ. వేశాక ప్రతి పట్టీ కింద రెండు వేళ్లు అడ్డంగా దూరాలి. పొట్ట పట్టీ ముందుకాలి కీలుకు ఆనుకుని ఉండకూడదు, కనీసం రెండు వేళ్ల ఎడం కావాలి. ఆనుకుంటే వారంలో చంకలో బొచ్చు రాలి ఎర్రబడుతుంది.

మందపాటి స్పాంజి చొక్కాలా ఉండేవి మన ఎండలకు వద్దు. రోహిణి కార్తెలో నెల్లూరు ఎండకు దానికసలే రెండు పొరల బొచ్చు, ఇది మూడో దుప్పటి అవుతుంది. సన్న పట్టీలది గానీ వల బట్టది గానీ చూడండి. ఇంటికి రాగానే విప్పేయాలి.

ఇంకో మాట, మీకు కష్టంగా ఉంటుంది కానీ చెప్పాలి. 7 కిలోల 200 అంటే బుజ్జికి ఎక్కువేమో అనిపిస్తోంది. పక్కటెముకల మీద చేయి ఆనించి మెల్లగా రాయండి, ఎముకలు సులువుగా తగలకపోతే ఎక్కువే. ఈ దగ్గులో బరువు తగ్గడం ఒక్కటే చాలా కుక్కలకు సగం మందు. పెరుగన్నం, బిస్కెట్ల లెక్క రాసి పెట్టండి. వారానికి 70 నుంచి 100 గ్రాములు తగ్గితే చాలు, అంతకన్నా తొందర వద్దు.

కావలి_ల్యాబ్ (శుక్రవారం, ఉదయం 7.45)

మేడమ్, చిన్న కుక్కలకు చోక్ చైను వద్దన్నారు, ఒప్పుకున్నాను. కానీ హార్నెస్ వేస్తే లాగుతారన్న మాట మాత్రం నా అనుభవం.

ఒంగోలు_పశువైద్యురాలు (శుక్రవారం, మధ్యాహ్నం 1.50)

మీ అనుభవం అబద్ధం కాదు. వీపు మీద రింగు ఉన్న హార్నెస్‌తో లాగడం కుక్కకు హాయిగానే ఉంటుంది, బరువంతా ఛాతీ మీద వేసి లాగగలదు. కానీ లాగడం నేర్పేది హార్నెస్ కాదు. లాగితే కోరిన చోటికి చేరుకోవడం నేర్పుతుంది. ఆ లెక్కన అన్నిటికంటే ఎక్కువ నేర్పేది రిట్రాక్టబులే. అందులో స్ప్రింగు వల్ల తాడు ఎప్పుడూ కాస్త బిగువుగానే ఉంటుంది. లాగిన ప్రతిసారీ ఇంకో అడుగు సాగి బహుమతి ఇస్తుంది. రేపు మామూలు తాడుతో నడిపించినా అదే ఆశతో లాగుతుంది.

మీ వాడిని ఒక్కసారి చోక్ చైను లేకుండా నడిపించి చూడండి. లాగకుండా నడిస్తే నేర్చుకున్నట్టు. లాగితే నొప్పికి ఆగినట్టు.

కావలి_ల్యాబ్ (పై పోస్టుకు 16 రోజుల తర్వాత, ఆదివారం, రాత్రి 8.00)

చూశాను. ఆ రోజే లాగాడు. అది చూసి మనసుకు కష్టమనిపించింది. ఎనిమిది నెలలు చైను వేశాను, వాడు ఏమీ నేర్చుకోలేదు.

ఛాతీ ముందు కూడా రింగు ఉన్న హార్నెస్ తెచ్చాను, రెండు మీటర్ల మామూలు తాడు. తాడు బిగుసుకోగానే నేను రాయిలా నిలబడిపోవడం, వాడు వెనక్కి తిరిగి తాడు వదులు చేయగానే వేయించిన కోడి ముక్క ఒకటి ఇచ్చి నడవడం. మొదటి రోజు మా గేటు నుంచి సందు మలుపు దాకా, 100 మీటర్లు కూడా ఉండదు, 25 నిమిషాలు పట్టింది. వీధిలో వాళ్లు ఆగి చూశారు. నాలుగో రోజు కూడా అంతే. తొమ్మిదో రోజు వాడే తాడు బిగియగానే ఆగి నా మొహం వంక చూశాడు. ఇవాళ అదే దూరం నాలుగు నిమిషాలు. మేక కనిపిస్తే మాత్రం ఇంకా లాగుతున్నాడు.

ఒక్క ఫిర్యాదు. ముందు రింగుకు తాడు తగిలిస్తే లాగినప్పుడు వాడి భుజం పక్కకు మెలిపడుతోంది, హార్నెస్ ఒక పక్కకు ఒరుగుతోంది. ఇలా ఏళ్ల తరబడి వాడితే భుజానికి మంచిదేనా?

మైపాడు_ఉదయం (సోమవారం, ఉదయం 6.30)

అందుకే నేను ముందు రింగు వాడను. అడ్డంగా తిప్పి ఆపడం కూడా ఒక రకం బలవంతమే.

ఒంగోలు_పశువైద్యురాలు (సోమవారం, మధ్యాహ్నం 2.15)

నేను మైపాడు గారితో పూర్తిగా ఏకీభవించను. 34 కిలోల కుక్క రోడ్డు మీదికి ఈడ్చుకుపోవడం కంటే ముందు రింగు ఎంతో నయం. కానీ దాన్ని నేర్పే రోజుల పనిముట్టుగానే చూడండి. మేకలు, బండ్లు ఉన్న చోట ముందు రింగు, ఖాళీ చోట వీపు రింగు. ఒక పక్కకు ఒరుగుతోందంటే ఛాతీ పట్టీ వదులుగా ఉందేమో ముందు చూడండి. ముందుకాలు చాచినప్పుడు భుజం మీద అడ్డంగా పట్టీ పడుతుంటే ఆ మోడలే మార్చాలి.

మైపాడు_ఉదయం (సోమవారం, రాత్రి 7.40)

సరే మేడమ్, అందులో మన దారులు వేరు. కానీ పైన నాటుకుక్క తమ్ముడు చెప్పింది చదివాక నా రిట్రాక్టబుల్ పట్టీ తీసి చూశాను. ఉప్పుగాలికి లోపలి స్ప్రింగు దగ్గర తుప్పు. బ్రేక్ నొక్కితే పట్టుకుని, బలంగా లాగితే జారుతోంది. ఇక 5 మీటర్ల నూలు పట్టీ ఒకటి కొని అదే వాడతాను. ఇసుకలో ఈడ్చుకుపోతే కడిగి ఆరేయొచ్చు.

బుజ్జి_ఇంటి_మనిషి (బుధవారం, రాత్రి 9.15)

ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. బుజ్జి ఛాతీ 43 సెంటీమీటర్లు, మెడ మొదలు దగ్గర 29 వచ్చింది. వై ఆకారంది వల పట్టీలది దొరికింది. బిస్కెట్ పరీక్ష చేశాను, ఎంత లాగినా పట్టీ ఎముక మీదే ఉంది. ఒకటిన్నర మీటరు తాడు. 19 రోజులుగా నడకలో ఒక్కసారి కూడా దగ్గలేదు. బరువు 6 కిలోల 960. మావారు దొంగచాటుగా బిస్కెట్ పెట్టడం మానేశారు.

కానీ నీళ్లు తాగాక, గెంతినప్పుడు దగ్గు ఇంకా వస్తోంది. కాస్త తగ్గింది, పోలేదు.

ఒంగోలు_పశువైద్యురాలు (బుధవారం, రాత్రి 9.50)

చాలా బాగా చేశారు. నడకలో దగ్గు ఆగిందంటే బెల్టు రేపడం ఆగింది. మిగిలిన దగ్గు లోపలిది, దాన్ని చూపించాల్సిందే. మీ దగ్గరి డాక్టర్ గారిని మెడ, ఛాతీ రెండూ వచ్చేలా ఎక్స్‌రే అడగండి. గాలి పీల్చినప్పుడు ఒకటి, వదిలినప్పుడు ఒకటి తీస్తే మంచిది. మెడలోని గొట్టం పీల్చినప్పుడు నొక్కుకుంటుంది, ఛాతీలోది వదిలినప్పుడు. ఒక్క ఫొటోలో దొరక్కపోవచ్చు. దగ్గేటప్పుడు ఫోన్‌లో వీడియో తీసి తీసుకెళ్లండి, ఆస్పత్రి బల్ల మీద అవి దగ్గవు. గుండె చప్పుడు కూడా వినమనండి. ఈలోగా నాలుక నీలంగా మారినా, దగ్గుతూ కూలబడినా అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు.

దర్గామిట్ట_పగ్ (బుధవారం, రాత్రి 10.20)

అక్కా, ఆ హార్నెస్ మోడల్ ఫొటో పెట్టండి. మా వాడికి ఛాతీ వెడల్పు, మెడ పొట్టి, ఏది వేసినా ముందుకే జారుతోంది. ఇప్పటికి రెండు తిప్పి పంపాను.

బుజ్జి_ఇంటి_మనిషి (గురువారం, ఉదయం 7.00)

రేపు వెలుతురులో తీసి పెడతాను. ఎక్స్‌రే సోమవారం ఉదయం పది గంటలకు. వీడియోలు మూడు తీసి పెట్టుకున్నాను.